బాత్‌రూమ్ కింద చెమ్మ: సంతకానికి ముందు చేసిన పరీక్ష

విజయవాడలో కొన్న కొత్త ఫ్లాట్‌ను స్వాధీనం చేసుకునే ముందు తనిఖీ చేస్తుండగా, మా బాత్‌రూమ్ కింది ఫ్లాట్ పైకప్పుకు చెమ్మ మరక కనిపించింది. టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ నింపడం, మరకపై పుట్టీ పెట్టి రంగు వేయడం రెండూ వృథా అయ్యాయి.

చివరకు నేల మీది నీరు బయటికి పోయే నహానీ ట్రాప్‌ను ప్లాస్టిక్ కవరులో చుట్టిన గుడ్డతో బిగించి, గడప దాటకుండా అంగుళం లోతున నీరు నిలిపి, గోడ టైలుపై గీత పెట్టి 48 గంటలు ఉంచాను. గీత దగ్గర నీరు దాదాపు తగ్గలేదు, కింద మరక పెరగలేదు. ఆ తరువాత గుడ్డ తీసి నీరంతా ఒక్కసారిగా వదలగా, గంటలోపే కింద పైపు చుట్టూ తడి చుక్కలు కట్టింది. లోపం నేలలో కాదు, ట్రాప్‌కూ పైపుకూ మధ్య అతుకులో ఉందన్నమాట. బిల్డర్ మనుషులు టైల్స్ పగలగొట్టి అతుకు మార్చి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ వేశాక, ఇదే పరీక్ష మళ్లీ జరిపిన తరువాతే సంతకం చేశాను.

అందరికీ ఇదే కారణం కాకపోవచ్చు. నీరు నిలిపినప్పుడే చెమ్మ పెరిగితే నేలను, బాత్‌రూమ్ వాడకపోయినా తడి ఆగకపోతే గోడలోని నీటి పైపును అనుమానించాలి.