ట్యాంకు ఫ్లోట్ స్విచ్ వైరును బోర్డుకు కలిపే ముందు

అనంతపురం ఎండాకాలపు పొడి గాలిలో ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి తలుపు గడియ ముట్టుకుంటే వేలికి చురుక్కుమంటుంది. ఆ చురుకు వెనుక కొన్ని వేల వోల్టులు ఉంటాయి. కనుక బోర్డును తాకే ముందు ఎర్త్ చేసిన లోహాన్ని ముట్టుకోవాలి.

మేడమీది ట్యాంకు నుంచి వచ్చే పొడవాటి వైరును 5 వోల్టుల మైక్రోకంట్రోలర్ పిన్నుకు నేరుగా కలపరాదు. వైరు చివర 4.7 కిలోఓమ్‌ల పుల్-అప్ పెట్టి, అక్కడి నుంచి పిన్నుకు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్‌ను సిరీస్‌లో వేయాలి. పిన్ను దగ్గర ఒక షాట్కీ డయోడ్ 5 వోల్టుల లైనుకు, మరొకటి గ్రౌండుకు ఉండాలి. రెండింటి క్యాథోడ్ గీతా 5 వోల్టుల వైపే చూడాలి. గ్రౌండు డయోడ్ తిరగబడితే స్విచ్ తెరిచి ఉన్నా పిన్ను మీద మల్టీమీటరు అర వోల్టు కూడా చూపదు.

పొరపాటున 24 వోల్టులు తగిలితే సిరీస్ రెసిస్టర్ గుండా దాదాపు 2 మిల్లీయాంపులు, పుల్-అప్ గుండా మరో 4 మిల్లీయాంపులు 5 వోల్టుల లైనులోకి చేరతాయి. బోర్డు నిద్రావస్థలో అంతకన్నా తక్కువ వాడుకుంటూ ఉంటే ఆ లైనే పైకి లేస్తుంది. చాలామంది మరచేది ఇదే. అక్కడ 5.1 వోల్టుల జీనర్ డయోడ్ వేయడం మంచిది.

పిన్నుకూ గ్రౌండుకూ మధ్య 100 నానోఫారడ్ల కెపాసిటర్ పెడితే ఒకటి రెండు మిల్లీసెకన్ల వడపోత దొరుకుతుంది. మోటారు స్టార్టరు రేపే సన్నని స్పైకులకు అది చాలు, నీటి అలలకు ఫ్లోట్ ఊగడాన్ని మాత్రం ప్రోగ్రాములోనే ఆపాలి. పిడుగుకు ఈ ఏర్పాటు ఆగదు.