యాభై దాటాక మగవారిలో లైంగిక మార్పులు: వయసు వల్ల వచ్చినవా, జబ్బు వల్ల వచ్చినవా తెలుసుకోవడం ఎలా?

షుగర్ గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ డాక్టరుకు వివరంగా చెప్పుకునే మగవారు కూడా అంగస్తంభనలో తేడా వచ్చిందని చెప్పడానికి వెనుకాడతారు. యాభై, అరవై ఏళ్ల వయసులో కనిపించే ఈ మార్పుల్లో కొన్ని సహజమైనవి, వాటికి మందు అక్కర్లేదు. మరికొన్ని రక్తనాళాలకో నరాలకో సోకిన జబ్బుకు తొలి సూచనలు. ఏది ఏ కోవకు చెందుతుందో చాలావరకు ఎవరికి వారే గమనించి తెలుసుకోవచ్చు.

1. వయసు తెచ్చే మార్పులేవో ముందు తెలుసుకోండి

యౌవనంలో ఒక తలపుతోనే వచ్చే స్తంభన యాభై దాటాక నేరుగా స్పర్శ ఉంటే తప్ప రాకపోవచ్చు, వచ్చినా మునుపటికంటే ఎక్కువ సమయం పట్టవచ్చు. మధ్యలో దృష్టి మరలితే సడలి, మళ్లీ స్పర్శతో తిరిగి రావచ్చు. స్ఖలనం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి స్ఖలనం కాకుండానే తృప్తి కలుగుతుంది. ఒకసారి కలిశాక మళ్లీ స్తంభన రావడానికి కుర్రవాళ్లకు కొద్ది నిమిషాలు చాలినా, అరవైల్లో ఉన్నవారికి ఒక రోజో అంతకు మించో పట్టడం మామూలే.

వీర్యం పరిమాణం, అది వెలువడే వేగం కూడా తగ్గుతాయి. మన దగ్గర అనవసరమైన దిగులు ఎక్కువగా దీని చుట్టూనే ఉంటుంది. వీర్యంలో అధిక భాగం ప్రోస్టేట్ గ్రంథి, దాని వెనక ఉండే వీర్యకోశాలు స్రవించే ద్రవమే. వయసుతో ఆ స్రావం తగ్గుతుంది. అది ఒంటి బలానికి కొలత కాదు, దాన్ని పెంచుతామని అమ్మే లేహ్యాలతో పనిలేదు. అయితే స్ఖలన సుఖం కలిగినా వీర్యం ఉన్నట్టుండి అసలే రావడం మానేస్తే కారణం వెతకాలి. ప్రోస్టేట్ వాపుకు ఇచ్చే టామ్సులోసిన్, సైలోడోసిన్ మాత్రలు వాడేవారిలో ఇలా జరుగుతుంది, దాని వల్ల హాని లేదు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవారిలో వీర్యం వెనక్కి మళ్లి మూత్రాశయంలోకి పోతుంది. అలాంటప్పుడు తర్వాత పోసిన మూత్రం మబ్బుగా కనిపిస్తుంది.

ఇద్దరికీ సంబంధించిన విషయం ఒకటుంది. ముట్లుడిగిన తర్వాత స్త్రీలకు యోనిలో తడి తగ్గి కలయిక నొప్పిగా మారుతుంది. భార్య అందుకే దూరం జరుగుతుంటే, భర్త దాన్ని తన లోపమనుకుని కుంగిపోతాడు. తడినిచ్చే జెల్ మందుల షాపులో దొరుకుతుంది. మగవాడికి పరీక్షలు మొదలుపెట్టేముందు ఈ సంగతి మాట్లాడుకోవడం మంచిది.

2. ఒక నెలపాటు గమనించి రాసుకోండి

ఒక్కసారి విఫలమైనంత మాత్రాన జబ్బు కాదు. అలసట, మద్యం, దిగులు ఎవరినైనా ఒక రాత్రి ఓడించగలవు. అందుకే నెల రోజులపాటు మూడు సందర్భాలను విడివిడిగా గమనించాలి: తెల్లవారుజామున నిద్ర లేచేటప్పుడు స్తంభన ఉంటోందా, ఒంటరిగా ఉన్నప్పుడు వస్తోందా, భార్యతో కలిసినప్పుడు చివరిదాకా నిలుస్తోందా.

వీటిలో ఎక్కువ విషయం చెప్పేది మొదటిదే. ఆరోగ్యవంతుడైన మగవాడికి నిద్రలో కలలు వచ్చే దశల్లో, రాత్రికి చాలాసార్లు, తన ప్రమేయం లేకుండానే స్తంభన వస్తుంది. తెల్లవారుజామున తెలిసేది అందులో ఆఖరిది. వయసుతో అది అరుదవుతుంది గానీ పూర్తిగా మాయం కాదు. వేకువన గట్టి స్తంభన ఉండి, కలయిక సమయంలో మాత్రమే విఫలమవుతుంటే రక్తనాళాలు, నరాలు బాగానే పనిచేస్తున్నట్టు. ఆందోళననో, దాంపత్యంలోని చిక్కునో చూసుకోవాలి. ఇలాంటి ఇబ్బంది తరచుగా ఏదో ఒక ఘటన తర్వాత హఠాత్తుగా మొదలవుతుంది. మూడు సందర్భాల్లోనూ నెలల తరబడి మెల్లమెల్లగా తగ్గుతూ వస్తే కారణం శరీరంలో ఉందని అనుకోవాలి. మూడు నెలలు దాటినా ఎక్కువసార్లు తృప్తికరమైన కలయిక సాధ్యం కాకపోతే డాక్టరును కలవాలి.

దాంతోపాటు వాడుతున్న మందులన్నిటి పేర్లూ, ఏది ఎప్పుడు మొదలైందో తేదీలతో రాసుకోండి. అటెనొలాల్ వంటి కొన్ని బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయించే క్లోర్‌థాలిడోన్ వంటివి, డిప్రెషన్‌కు ఇచ్చే చాలా మందులు, ప్రోస్టేట్‌కు ఇచ్చే ఫినాస్టరైడ్ స్తంభననో కోరికనో తగ్గించగలవు. అనుమానం వచ్చిందని వీటిని సొంతంగా ఆపకూడదు. అటెనొలాల్‌ను హఠాత్తుగా ఆపితే గుండెకే ప్రమాదం.

3. గుండెతో ఉన్న సంబంధాన్ని గుర్తుంచుకోండి

స్తంభన అంటే పురుషాంగంలోకి రక్తం వేగంగా చేరి అక్కడ నిలవడం. ఆ రక్తాన్ని తెచ్చే ధమనుల లోపలి వ్యాసం సుమారు 1 నుంచి 2 మిల్లీమీటర్లు, గుండె కండరానికి రక్తమిచ్చే ధమనులవి 3 నుంచి 4. కొవ్వు పేరుకోవడం రెండు చోట్లా ఒకేలా సాగినా సన్నటి ధమని ముందుగా మూసుకుంటుంది. అందువల్ల చాలామందిలో స్తంభన తగ్గడం ఛాతీనొప్పి కంటే రెండు నుంచి ఐదేళ్లు ముందే కనిపిస్తుంది. స్తంభన తగ్గిన ప్రతివారికీ గుండెజబ్బు వస్తుందని కాదు. కానీ బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగ అలవాటు చూడకుండా మాత్ర రాసిచ్చి పంపే డాక్టరు సగం పనే చేసినట్టు.

4. ఏ పరీక్షలు ఎందుకో ఒక ఉదాహరణలో చూడండి

ఒక మండల కేంద్రంలో కిరాణా కొట్టు నడుపుతున్న 58 ఏళ్ల వ్యక్తిని ఊహించుకుందాం. పగలంతా కూర్చునే పని. పదేళ్లుగా బీపీకి అటెనొలాల్, క్లోర్‌థాలిడోన్ కలిసిన మాత్ర వేసుకుంటున్నాడు. ఎనిమిది నెలలుగా స్తంభన క్రమంగా బలహీనపడింది, వేకువన కూడా వారానికి ఒకటి రెండుసార్లు అరకొరగా వస్తోంది. కోరిక మాత్రం తగ్గలేదు.

ఆ చివరి మాట ముఖ్యం. కోరిక నిలిచి ఉండి స్తంభన మాత్రమే తగ్గితే టెస్టోస్టిరాన్ లోపం కంటే రక్తనాళాల లోపానికే అవకాశం ఎక్కువ. డాక్టరు అతని నడుము కొలిస్తే 104 సెంటీమీటర్లు వచ్చింది, మన దేశపు మగవారికి 90 దాటితేనే ఎక్కువగా లెక్కిస్తారు. బీపీ 150/94 ఉంది. మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ 7.9 శాతం. 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ వ్యాధి కిందే లెక్క, ఈ సంగతి అతనికి అప్పటిదాకా తెలియదు. చెడు కొలెస్ట్రాల్ 148. ఉదయం పరగడుపున తీసిన రక్తంలో టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 410 నానోగ్రాములు, అంటే మామూలుగానే ఉంది.

అందువల్ల అతనికి హార్మోన్ ఇంజెక్షన్ అక్కర్లేదు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మొదలుపెట్టి, బీపీ మందును క్రమంగా టెల్మిసార్టాన్‌కు మార్చి, రోజూ అరగంటకు తగ్గకుండా వేగంగా నడవమన్నారు. స్తంభన మాత్ర ఇచ్చే ముందు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించారు. కలయికకు గుండె పడే శ్రమ రెండంతస్తుల మెట్లు వేగంగా ఎక్కినంత. ఆ పని ఆయాసం, ఛాతీనొప్పి లేకుండా చేయలేనివారు ముందు గుండె డాక్టరును కలవాలి. ఇలాంటి మనిషికి మునుపటి యౌవనం తిరిగి రాదు. మెరుగుదల నెలల్లో మెల్లగా వస్తుంది, షుగర్ అదుపు తప్పితే మళ్లీ జారిపోతుంది.

టెస్టోస్టిరాన్ విషయంలో మరొక జాగ్రత్త. అది ఉదయం ఎక్కువగా, సాయంత్రం తక్కువగా ఉంటుంది. సాయంత్రం ల్యాబులో ఇచ్చిన రక్తంతో తక్కువ ఉందని చెప్పి ఇంజెక్షన్లు మొదలుపెడితే అది సరైన నిర్ధారణ కాదు. వేర్వేరు రోజుల్లో రెండుసార్లు ఉదయం చేసినప్పుడు 300 కంటే తక్కువ వచ్చి, కోరిక తగ్గడం, నీరసం వంటి లక్షణాలు కూడా ఉంటేనే చికిత్స గురించి ఆలోచిస్తారు.

5. ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినవి

స్తంభన సమస్య ఉన్నట్టుండి మొదలై, దానితోపాటు తొడల మధ్య, మలద్వారం చుట్టూ తిమ్మిరి గానీ, మూత్రం బిగుసుకుపోవడం గానీ ఉంటే వెన్నుపాము చివరి నరాలు నొక్కుకుపోయి ఉండవచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పురుషాంగంలో గట్టి గడ్డలా తగిలి, స్తంభించినప్పుడు వంకరగా మారి నొప్పి పుడుతుంటే యూరాలజిస్టును కలవాలి. యాభైల్లో ఇది కనిపించేదే, క్యాన్సర్ కాదు. వీర్యంలో రక్తం చాలాసార్లు ప్రమాదకరం కాకపోయినా నలభై దాటినవారు ప్రోస్టేట్ చూపించుకోవాలి. వృషణంలో నొప్పి లేని గట్టిదనాన్ని ఏ వయసులోనూ తేలిగ్గా తీసుకోకూడదు.

6. మాత్ర వాడాల్సి వస్తే ఎలా వాడాలి

స్తంభన కోసం ఇచ్చే సిల్డెనాఫిల్ 1998 నుంచి వాడుకలో ఉంది. చాలామందికి డాక్టర్లు 50 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. కలయికకు సుమారు గంట ముందు, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు వేసుకోవాలి. నెయ్యి, నూనె దండిగా ఉన్న భోజనం తర్వాత వేసుకుంటే ఆలస్యంగా, తక్కువగా పనిచేస్తుంది. మాత్ర దానంతట అది స్తంభన తేదు, స్పర్శ ఉండాలి. ఈ రెండు సంగతులూ తెలియకే చాలామంది మొదటిసారే పనిచేయలేదని వదిలేస్తారు. సరైన పద్ధతిలో ఐదారుసార్లు వాడి చూశాకే మోతాదు మార్చాలో, మందు మార్చాలో డాక్టరు తేలుస్తారు. టాడలాఫిల్ ప్రభావం సుమారు 36 గంటలు ఉంటుంది. సమయం చూసుకునే ఇబ్బంది వద్దనుకునేవారికి అది నయం.

గోడల మీద రాతల్లోనూ బస్టాండు పక్కన లాడ్జి గదుల్లోనూ అమ్మే పొడులు, గుళికలు వద్దు. లైంగిక శక్తి పెంచుతామనే మందుల ప్రకటనలను మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. మూలికా మందు పేరుతో అమ్మే వాటిలో సిల్డెనాఫిల్‌నే, మోతాదు చెప్పకుండా, కలిపి ఉండటం పలు దేశాల తనిఖీల్లో బయటపడింది.

ఇలా దాచి కలిపిన మందు గుండె జబ్బుకు కొన్ని మందులు వాడేవారికి ప్రాణాపాయం. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రలు, ఐసోసార్బైడ్, నైట్రోగ్లిజరిన్, నికొరాండిల్ వాడేవారు సిల్డెనాఫిల్ గానీ టాడలాఫిల్ గానీ వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ వంటివి వాడుతున్నవారు కూడా ముందే డాక్టరుకు చెప్పాలి. స్తంభన నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాలి, ఆలస్యమైతే కణజాలం శాశ్వతంగా దెబ్బతింటుంది. మాత్ర వేసుకున్నాక ఛాతీనొప్పి వస్తే ఇంట్లో ఉన్న నాలుక కింది మాత్ర పెట్టుకోకుండా 108కు ఫోన్ చేసి, ఏ మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో అంబులెన్సు సిబ్బందికి ముందుగా చెప్పాలి. సిల్డెనాఫిల్ అయితే 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు గడిచేదాకా వారు ఐసోసార్బైడ్, నైట్రోగ్లిజరిన్ వంటి నైట్రేట్ మందులు ఇవ్వకుండా ఉండాలి.