గ్రాఫ్ థియరీ వైవా, 3వ భాగం: ఒకే బొమ్మ మీద కట్ వర్టెక్స్, రెండు కనెక్టివిటీలు

వైవాలో నిర్వచనం అప్పజెప్పగానే ఎగ్జామినర్ "ఏదీ, బొమ్మ గీసి చూపించు" అంటారు. తడబాటు అక్కడే మొదలవుతుంది. అందుకే ఈ భాగమంతా ఒకే బొమ్మ మీద నడిపిస్తాను. కాగితం తీసుకోండి. a, b, c, d అనే నాలుగు వర్టెక్స్‌లు పెట్టి, ప్రతి రెండింటినీ ఒక ఎడ్జ్‌తో కలపండి. పక్కన e, f, g, h పెట్టి అలాగే చేయండి. ఇప్పుడు aని eకీ, fకీ కలపండి. మొత్తం 14 ఎడ్జ్‌లు వస్తాయి.

ప్రశ్న: ఇందులో కట్ వర్టెక్స్ ఏది?

a ఒక్కటే. దాన్ని తీసేస్తే దానికి తగిలిన ఎడ్జ్‌లన్నీ పోతాయి, b, c, d ఒకవైపు, మిగతా నాలుగూ మరోవైపు ఉండిపోతాయి. కాబట్టి వర్టెక్స్ కనెక్టివిటీ κ = 1. e కూడా కట్ వర్టెక్సే అని తొందరపడకండి. eని తీసినా af దారి మిగిలే ఉంటుంది.

ప్రశ్న: మరి ఎడ్జ్ కనెక్టివిటీ?

λ = 2. ae, af రెండూ తీస్తే గ్రాఫ్ విడిపోతుంది. "ఒకటి చాలదా?" అని అడిగితే కారణం చెప్పాలి: ఈ బొమ్మలో ప్రతి ఎడ్జూ ఏదో ఒక త్రిభుజంలో ఉంది. దాన్ని తీసినా త్రిభుజం మిగతా రెండు భుజాల మీదుగా వెళ్లొచ్చు. అంటే బ్రిడ్జ్ లేదు. కట్ వర్టెక్స్ ఉంటే బ్రిడ్జ్ కూడా ఉండాలా అనే ప్రశ్నకు జవాబు కూడా ఇదే: అక్కర్లేదు.

తిప్పి అడిగితే జాగ్రత్త. బ్రిడ్జ్ చివర ఉన్న వర్టెక్స్ డిగ్రీ కనీసం 2 ఉంటేనే అది కట్ వర్టెక్స్. రెండే వర్టెక్స్‌లు, ఒకే ఎడ్జ్ ఉన్న గ్రాఫ్‌లో బ్రిడ్జ్ ఉంది, కట్ వర్టెక్స్ లేదు.

ప్రశ్న: κ, λ, కనిష్ఠ డిగ్రీ δ, ఈ మూడింటి సంబంధం?

1932లో విట్నీ ఇచ్చిన అసమానత:

κ ≤ λ ≤ δ

మన బొమ్మలో కనిష్ఠ డిగ్రీ 3, కాబట్టి 1 < 2 < 3. మూడూ వేరువేరుగా ఉండే ఉదాహరణ అడిగితే ఈ బొమ్మే గీయండి. λ ≤ δ ఎందుకంటే, అతి తక్కువ డిగ్రీ ఉన్న వర్టెక్స్‌కు తగిలిన ఎడ్జ్‌లన్నీ తెంచేస్తే అది ఒంటరైపోతుంది.

ప్రశ్న: ప్రోగ్రామ్‌లో కట్ వర్టెక్స్‌ను ఎలా పట్టుకుంటారు?

b నుంచి డీఎఫ్ఎస్ మొదలుపెట్టి b, a, c, d, e, f, g, h క్రమంలో 1 నుంచి 8 దాకా నంబర్లు ఇవ్వండి. ఆ నంబరే disc. ఒక వర్టెక్స్ నుంచి గానీ, డీఎఫ్ఎస్ చెట్టులో దాని కింద ఉన్నవాటి నుంచి గానీ ఒక బ్యాక్ ఎడ్జ్‌తో చేరగల అతి చిన్న disc దాని low. fకి aతో బ్యాక్ ఎడ్జ్ ఉంది కాబట్టి low[f] = 2, దాని పేరెంట్ eకి కూడా low[e] = 2. disc[a] కూడా 2. చెట్టులో uకి v పిల్ల అయినప్పుడు చూడాల్సిన షరతులివి:

```
low[v] >= disc[u]   // u కట్ వర్టెక్స్ (రూట్ కాకపోతే)
low[v] >  disc[u]   // u-v బ్రిడ్జ్
```

u = a, v = e పెట్టి చూడండి. మొదటిది నిజం, రెండోది అబద్ధం. రెండు షరతులకూ తేడా ఆ ఒక్క సమాన గుర్తే. రూట్‌కు మాత్రం డీఎఫ్ఎస్ చెట్టులో రెండు లేదా అంతకన్నా ఎక్కువ పిల్లలుండాలి.

వచ్చే భాగంలోపు ఇదే డీఎఫ్ఎస్‌ను a నుంచి మొదలుపెట్టి, రూట్‌కు పిల్లలెందరో లెక్కపెట్టండి. ఆ తర్వాత మెంగర్ సిద్ధాంతంలోకి వెళ్దాం.