బొమ్మ యాంకర్‌కు స్క్రిప్టు రాయడం ఎలా? కర్నూలు ఉల్లిగడ్డ ధరలతో ఒక నమూనా

డీడీ కిసాన్ చానల్ 2024 మే 26న క్రిష్, భూమి అనే ఇద్దరు ఏఐ యాంకర్లను తెర మీదికి తెచ్చింది. అలాంటి బొమ్మ చేత మీ ఊరి మార్కెట్ ధరలు చదివించాలనుకుంటే అసలు పని స్క్రిప్టులోనే ఉంటుంది. మనిషి యాంకర్ ముందు ఏ కాగితం పెట్టినా సర్దుకుని చదువుతారు. ‘రూ.’ అని కనిపిస్తే రూపాయలు అంటారు, వాక్యం సాగితే మధ్యలో ఊపిరి తీసుకుంటారు. బొమ్మకు ఆ సర్దుబాటు మీరే రాసివ్వాలి.

కర్నూలు యార్డు ఉల్లిగడ్డ ధరల మీద చిన్న వీడియో అనుకుందాం. చేతికొచ్చిన సమాచారం ఇలా ఉందనుకోండి (అంకెలు నమూనాకే):

“కర్నూలు వ్యవసాయ మార్కెట్ యార్డులో బుధవారం ఉల్లి మేలు రకం క్వింటాలు రూ.2,150, మధ్య రకం రూ.1,400, నాసిరకం రూ.600 పలికినట్లు, సి.బెళగల్ మండలం నుంచి సరుకు అధికంగా వచ్చినట్లు మార్కెట్ వర్గాలు తెలిపాయి.”

1. ముందు వాక్యాన్ని విరవండి

పేపర్లో చదివేవాళ్లు కన్ను వెనక్కి తిప్పి మళ్లీ చూసుకోగలరు. వినే రైతుకు ఆ వీలు లేదు. పైగా మన క్రియ చివర్లో వస్తుంది కాబట్టి ‘తెలిపాయి’ వినబడేదాకా మూడు ధరలూ మనసులో మోయాలి. గొంతు సమస్య కూడా ఉంది. కామా దగ్గర యంత్రం కాసేపు ఆగుతుందే కానీ, గొంతు పూర్తిగా దించేది ఫుల్‌స్టాప్ దగ్గరే. దాంతో మూడు ధరలూ ఒకే ఎత్తులో వెళ్లిపోతాయి, ఏది మేలు రకానిదో ఏది నాసిరకానిదో చెవికి తెలియదు.

ధరకొక వాక్యం ఇవ్వండి. ఏడెనిమిది మాటలకు మించకపోతే మంచిది. అయితే తెలుగులో మాటల లెక్క మోసం చేస్తుంది, ‘కొనుగోలుచేయాల్సివచ్చిందంటున్నారు’ కూడా లెక్కకు ఒక్క మాటే. మీరే పైకి చదవండి. ఊపిరి తీసుకోకుండా, తొందరపడకుండా పూర్తయితే ఆ పొడవు సరిపోయినట్టే.

అలాగని అన్నీ మూడు మాటల ముక్కలు చేయకండి. ప్రతి ముక్క చివరా గొంతు దిగి, బళ్లో హాజరు పిలిచినట్టు వినిపిస్తుంది. మూడు పొట్టి వాక్యాల తర్వాత కాస్త సాగే వాక్యం ఒకటి పడాలి.

“నమస్కారం. కర్నూలు యార్డులో ఉల్లిగడ్డ ధరలు చూద్దాం. మేలు రకం క్వింటాలు రెండు వేల నూట యాభై రూపాయలు. మధ్య రకం పద్నాలుగు వందలు. నాసిరకం ఆరు వందలు. ఈ రోజు సరుకు ఎక్కువగా సీ బెళగల్ మండలం నుంచి వచ్చింది.”

‘మార్కెట్ వర్గాలు తెలిపాయి’ తీసేశాను. ధర ఎక్కడిదో తెర మీద అక్షరాల్లో వేస్తే చాలు.

2. చెవికి సరిపడేలా రాయండి

‘సి.బెళగల్’ను ‘సీ బెళగల్’ చేసింది చుక్క కోసం. ఇనిషియల్ పక్కన చుక్కను చాలా యంత్రపు గొంతులు వాక్యం అయిపోయిందనుకుంటాయి. ‘సి’ అని ఆగి, కొత్త వాక్యంలాగా ‘బెళగల్’ అందుకుంటాయి. ‘రూ.’, ‘కి.గ్రా.’, ‘డా.’ల దగ్గరా ఇదే గొడవ. పొట్టి రూపాలన్నీ విప్పి రాయండి.

అంకెలు కూడా అక్షరాల్లోనే ఉండాలి. 1,400ను యంత్రం ‘ఒక వెయ్యి నాలుగు వందలు’ అని చదవచ్చు. తప్పు కాదు కానీ యార్డులో ఆ మాట అతకదు, ‘పద్నాలుగు వందలు’ అని రాస్తే చెవికి దగ్గరగా ఉంటుంది. ఫోన్ నంబర్లయితే చదివించకపోవడమే మేలు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 లాంటిది తెర మీద వేసి, ‘కింద కనిపించే నంబరుకు ఫోన్ చేయండి’ అని చెప్పించండి.

ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో వదిలేయకండి. Dhone అని ఉంటే బొమ్మ దాన్ని ఇంగ్లీషు మాటనుకుని ఎలాగైనా పలకొచ్చు, ‘డోన్’ అని రాస్తే ఆ బెంగ లేదు. పొల్లుతో ఆగే ఇంగ్లీషు మాటలకు తెలుగు విభక్తి తగిలించినప్పుడు కూడా కొన్ని గొంతులు తడబడతాయి. ‘యార్డ్‌లో’ కన్నా ‘యార్డులో’ సాఫీగా నడుస్తుంది.

ఇక్కడ చాలామంది చిక్కుకునేది సబ్‌టైటిళ్ల దగ్గర. చెవి కోసం మార్చిన రాతనే సాఫ్ట్‌వేర్ తెర మీద కూడా వేస్తే ‘సీ బెళగల్’ అని కనబడి, ఆ మండలం వాళ్లు కామెంట్లలో తగులుకుంటారు. అందుకే రెండు వరుసల పట్టిక పెట్టుకోండి. ఒకదాంట్లో కంటికి, ఇంకోదాంట్లో చెవికి. ఎస్‌ఎస్‌ఎమ్‌ఎల్ అనే ట్యాగుల భాషను ఒప్పుకునే సాఫ్ట్‌వేరైతే `sub` ట్యాగుతో అసలు రాతను ఉంచి పలకాల్సిన రూపాన్ని పక్కన ఇవ్వొచ్చు. ధ్వని గుర్తులతో పలికించే `phoneme` ట్యాగు కూడా ఉంది కానీ, తెలుగు గొంతులన్నీ దాన్ని పట్టించుకుంటాయని చెప్పలేం. నేనైతే `sub`తోనే సరిపెడతాను.

3. చేతి కదలికలు పొదుపుగా

మైక్రోసాఫ్ట్ అజూర్ అవతార్ అనే మాట్లాడే బొమ్మకు కదలికను `bookmark` ట్యాగుతో చెబుతారు. ఒక్కో బొమ్మకు ఒక్కో జాబితా ఉంటుంది, అందులో ఉన్న పేరే రాయాలి. కింది ముక్క `speak` ట్యాగు లోపల ఉండాలి.

```xml
<voice name="te-IN-ShrutiNeural">
  ఉల్లిగడ్డ ధరలు చూద్దాం.
  <break time="400ms"/>
  <bookmark mark="gesture.show-left-1"/>
  మేలు రకం క్వింటాలు రెండు వేల నూట యాభై రూపాయలు.
  సరుకు ఎక్కువగా
  <sub alias="సీ బెళగల్">సి.బెళగల్</sub>
  మండలం నుంచి వచ్చింది.
</voice>
```

చెయ్యి లేవడానికి కాస్త సమయం పడుతుంది. ట్యాగును సరిగ్గా ‘రెండు వేల’ ముందు పెడితే మాట అయిపోయాక చెయ్యి పైకొస్తుంది. అందుకే పైన వాక్యం మొదట్లోనే పెట్టాను, ధర పలికే వేళకు చెయ్యి ధరల పట్టిక వైపు చేరుతుంది. పట్టికను అటే వేయాలి సుమా, లేదంటే బొమ్మ ఖాళీ గోడను చూపిస్తుంది. ఒక కదలిక ముగియకముందే ఇంకోటి పెట్టకండి. ఇంత చిన్న వీడియోకు రెండు చాలు.

నమస్కారం దగ్గర చెయ్యి ఊపే ట్యాగు పెట్టాలనిపిస్తుంది. చేతులు జోడించే కదలిక జాబితాలో లేకపోతే అక్కడ ఏదీ పెట్టకండి. ‘నమస్కారం’ అంటూ టాటా చెప్పినట్టు ఊపితే నవ్వులపాలవుతాం. అంతకన్నా ఘోరం, ఆరు వందల ధర చదువుతూ బొటనవేలు ఎత్తడం.

4. విని, తర్వాత చూసి సరిచేయండి

మొదట తెర వైపు చూడకుండా వినండి, ధరలు కాగితం మీద రాసుకోండి. ఏ ధరైనా తప్పిపోతే అక్కడ వాక్యం పొడవైంది, లేదా ఆగాల్సిన చోట ఆగలేదు. ఎంతసేపు ఆగాలో చెప్పే `break` విలువను 400 నుంచి 600 మిల్లీసెకన్లకు పెంచి చూడండి. తర్వాత శబ్దం తీసేసి చూడండి, అనవసరపు చేతులు అప్పుడే కనబడతాయి. యార్డుకు వెళ్లే మనిషి ఒకరికి కూడా వినిపిస్తే, ఊరి పేర్లలో తప్పు వెంటనే పట్టేస్తారు.

ఇదే స్క్రిప్టును రోజూ అంకెలు మార్చి వాడుకోవచ్చు. అందుకే ‘ఆరు వందలే’ అని రాయాలనిపించినా ‘ఆరు వందలు’ దగ్గర ఆగాను. ఆ చివరి ‘ఏ’ అచ్చులో నిరాశ ఉంది. రేపు నాసిరకం పన్నెండు వందలకు ఎక్కితే, అంకె మారి ‘పన్నెండు వందలే’ అని బొమ్మ దిగులుగా చదువుతుంది. ‘కూడా’, ‘మాత్రమే’, ‘ఏకంగా’ లాంటివి కూడా రోజూ వాడే స్క్రిప్టులోంచి తీసేసి, ధర చూశాక ఆ పూటకు చేతితో కలపండి. బొటనవేలి ట్యాగుకు కూడా ఇదే లెక్క.