తవ్వింది 18 క్యూబిక్ మీటర్లు, బిల్లు వచ్చింది 9.68కే. ఎందుకు?

సమస్య: ఫుటింగ్ గుంత 3 బై 3 మీటర్లు, 2 మీటర్ల లోతు తవ్వించారు, టేప్ పెట్టి కొలిచి 18 క్యూబిక్ మీటర్లని బిల్లు పెడితే క్లయింట్ ఇంజనీర్ దాన్ని 9.68కి కోసేశాడు. తవ్విన గుంత కళ్ల ముందే ఉంది కదా, ఇదేం లెక్క అని కోపం రావడం సహజమే.

కారణం: పనుల, పరిమాణాల పట్టిక అయిన బీఓక్యూలో ఐటమ్ చదివి స్పెసిఫికేషన్ చదవకపోవడం. ఐటమ్ ఒకటే పొడుగాటి ఇంగ్లిష్ వాక్యం, ఒక్కసారిగా చదివితే బుర్రకెక్కదు, అందుకే ముక్కలు చేసుకోండి. మొదట అసలు పని ఏంటో పట్టుకోండి, ఇక్కడ ఫౌండేషన్ తవ్వకం. తర్వాత 'ఇంక్లూడింగ్' దగ్గర ఆగండి, పక్కలు చెక్కడం, అడుగు దిమ్మిస కొట్టడం లాంటివి వస్తాయి, అవన్నీ ఆ రేట్లోనే, విడిగా డబ్బులు రావు. చివర్లో హద్దులుంటాయి: లిఫ్ట్ 1.5 మీటర్ల వరకు, లీడ్ 50 మీటర్ల వరకు. అంటే లోతు ఇంత వరకు, మట్టి మోసే దూరం ఇంత వరకు అని.

ఇంతా చదివినా ఎలా కొలవాలో ఐటమ్‌లో ఉండదు. అది స్పెసిఫికేషన్లో ఎర్త్‌వర్క్ సెక్షన్ చివర, మెజర్‌మెంట్స్ అనే పేరాలో ఉంటుంది, అందరూ దాటేసేది సరిగ్గా దాన్నే. ఈ టెండర్లో అక్కడేముందంటే, కొలత డ్రాయింగ్‌లోని ఫుటింగ్ కింద వేసే కాంక్రీట్ పొర పీసీసీ సైజు ప్రకారమే, షట్టరింగ్ కోసం వదిలే జాగా, స్లోపు 'డీమ్డ్ టు బి ఇంక్లూడెడ్', అంటే ఆ ఖర్చు మీరు రేట్లో ముందే వేసుకున్నట్టే లెక్క. పీసీసీ 2.2 బై 2.2, లోతు 2 మీటర్లు, కాబట్టి 9.68. కోత కరెక్టే.

పరిష్కారం: కానీ ఆ 9.68 మొత్తాన్ని ఒకే ఐటమ్‌లో పెట్టొద్దు, ఇక్కడ మీకు రావాల్సింది ఒకటుంది. పైన 1.5 మీటర్ల వరకు 7.26 మెయిన్ ఐటమ్‌లో, కింద అర మీటరు 2.42. ఈ రెండోదానికి మెయిన్ రేటుతో పాటు ఎక్స్‌ట్రా లిఫ్ట్ రేటు కూడా వస్తుంది, బీఓక్యూలో ఆ ఐటమ్ ఉందేమో చూడండి, 'ఆర్ పార్ట్ దేర్ఆఫ్' అని ఉంటే అర మీటరైనా సరే ఒక లిఫ్ట్ కిందకే వస్తుంది.

మట్టి లూజుగా ఉండి వెడల్పు తవ్వక తప్పదంటే తవ్వకముందే రాతపూర్వకంగా ఆర్డర్ అడగండి, నేల లెవెల్స్ ఇద్దరూ కలిసి తీసి సంతకాలు పెట్టుకోండి. గుంత పూడ్చాక ఎవడూ ఒప్పుకోడు.

కొన్ని టెండర్లలో వర్కింగ్ స్పేస్‌కి కూడా డబ్బులిస్తారు, కాబట్టి పాత సైట్ లెక్క ఇక్కడ వాడకండి. బీఓక్యూ, స్పెసిఫికేషన్ ఒకదానికొకటి పొసగకపోతే ఏది పైచేయో కాంట్రాక్ట్ కండిషన్స్‌లో వరుస రాసి ఉంటుంది, వాదన పెట్టుకునేముందు అది చూడండి. ఇక మీరు చెప్పిన లెవెల్ కంటే కిందకి జేసీబీ వాడు తవ్వేస్తే ఆ లోతుకి బిల్లు రాకపోగా, మట్టితో పూడిస్తే ఒప్పుకోరు, మామూలుగా మీ ఖర్చుతోనే కాంక్రీట్ నింపమంటారు.