తొలి అంతర్గత ఆడిట్‌కు సన్నాహం - 3వ పాఠం: మానేసిన ఉద్యోగి అకౌంటు

గత పాఠంలో ఆడిట్ పరిధిని నిర్ణయించుకున్నాం కనుక, ఈసారి సమాచార భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 27001 ప్రమాణపు 2022 కూర్పులో అనుబంధం ‘ఎ’లోని 93 నియంత్రణల నుంచి 5.18ని, అంటే యాక్సెస్ హక్కులను ఇవ్వడం, సమీక్షించడం, తొలగించడం అనే అంశాన్ని తీసుకుందాం. తొలి ఆడిట్‌లో లోపం బయటపడే చోటు చాలాసార్లు ఇదే.

గుంటూరు బ్రాడీపేటలో 40 మంది పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ ఉందనుకోండి. ఉద్యోగి చివరి పనిదినం ముగిసిన 24 గంటల్లోగా అన్ని అకౌంట్లూ మూసివేయాలని దాని విధానపత్రం చెబుతోంది. ఎవరూ తమ పనిని తామే ఆడిట్ చేయకూడదు కాబట్టి, ఐటీ విభాగాన్ని పరిశీలించే బాధ్యతను శిక్షణ పొందిన అకౌంట్స్ ఉద్యోగినికి అప్పగించారు.

ఆమె మొదట అడగవలసింది ఐటీ వారి టికెట్లను కాదు, హెచ్‌ఆర్ దగ్గర ఉన్న రిలీవింగ్ జాబితాను. టికెట్లలో ఐటీకి తెలిసిన పేర్లే ఉంటాయి; చెప్పడం మరచిపోయిన పేరు ఆ వరుసలో ఎప్పటికీ కనిపించదు. గత ఆరు నెలల్లో మానేసినవారు తొమ్మిది మందే కనుక నమూనా తీయకుండా అందరినీ చూడవచ్చు. జూలై 3న ఆమె ఆ పేర్లను మెయిల్, వీపీఎన్, కోడ్ రిపాజిటరీల యూజర్ జాబితాలతో పోల్చగా, జూన్ 14న వెళ్ళిపోయిన ఒకరి రిపాజిటరీ అకౌంటు 19 రోజులుగా తెరిచే ఉందని తేలింది.

వెంటనే మూయించాలి, అయితే అంతకన్నా ముందు తేదీ కనిపించే స్క్రీన్‌షాట్ తీసుకుని, చివరి లాగిన్ ఎప్పుడో రాసుకోవాలి. అది జూన్ 13 అయితే ఇది నియమోల్లంఘన మాత్రమే. జూన్ 14 తరువాతిదైతే భద్రతా సంఘటనగా కూడా నమోదు చేయాలి.

నివేదికలో “ఐటీ వారు నిర్లక్ష్యం వహించారు” అని రాయడం పొరపాటు. విధానం కోరిన 24 గంటలు, కనిపించిన 19 రోజులు, చూసిన ఆధారం, ఈ మూడూ ఉంటే చాలు, ఎవరూ కాదనలేరు.

అకౌంటు మూయడం దిద్దుబాటే తప్ప, అదే ఐఎస్ఓ ప్రమాణంలోని 10.2 నిబంధన అడిగే కారణ నివారణ కాదు. విచారిస్తే, హెచ్‌ఆర్ కబురు ఫోన్‌లోనే వెళ్ళిందనీ, ఏయే అకౌంట్లు మూయాలో ఐటీ దగ్గర రాతపూర్వకమైన జాబితా లేదనీ తెలిసింది. అందువల్ల రిలీవింగ్ లెటర్‌పై సంతకానికి ముందే ఆ జాబితా నిండాలనే నియమం పెట్టారు. అది పనిచేస్తున్నదో లేదో తరువాత మానేసే ఇద్దరి అకౌంట్లను ఇదే పద్ధతిలో చూశాకే ఈ అంశాన్ని ముగించాలి.