రిగ్రెషన్ ఫలితాలను జర్నల్ పట్టికలో ఎలా చూపించాలి? ఒక దాళ్వా సర్వే ఉదాహరణతో

గోదావరి డెల్టాలో పొలం గురించి మాట్లాడితే మొదట వచ్చే ప్రశ్న, అది కాలువకు ఎగువనా, శివారా అని. ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు సార్వాలో ఎలాగోలా అందరికీ అందుతాయి. దాళ్వాలో నదికి నీరు తగ్గి, సీలేరు నీళ్ల మీద ఆధారపడి, వంతులవారీగా ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం కాలువ చివరి పొలాలకు కష్టం మొదలవుతుంది. ఆ కష్టం ఎకరాకు ఎన్ని బస్తాలు అన్నదే మా పరిశోధక విద్యార్థిని ఒకామె తీసుకున్న ప్రశ్న. ప్రశ్న మంచిది, సర్వే కూడా ఓపిగ్గా చేసింది. జర్నల్‌కు పంపే ముందు ఒకసారి చూడమని పట్టిక తెచ్చింది.

శివారు వరుసలో −3.15*** అని ఉంది. దాని కింద బ్రాకెట్లో (−4.04).

"బ్రాకెట్లో ఉన్నదేమిటమ్మా?" అని అడిగాను.

"స్టాండర్డ్ ఎర్రర్ సార్."

స్టాండర్డ్ ఎర్రర్ ఎప్పుడూ మైనస్‌లో ఉండదు. అది అంచనా ఎంత అటూ ఇటూ అయ్యే అవకాశం ఉందో చెప్పే కొలత, కాబట్టి సున్నా కంటే తక్కువ కాలేదు. ఆ −4.04 అనేది టీ విలువ. కింద ఎరువు వరుసలో 0.00*** అని ఉంది. ఎరువు ప్రభావం సున్నా అంటూనే మూడు స్టార్లు! లెక్కలో తప్పు లేదు, చూపించడంలో ఉంది. ఆ పట్టికను మేం సరిచేసిన వరుసలోనే ఇక్కడ చెబుతాను. ఆమె డేటా ఇంకా అచ్చు కాలేదు కాబట్టి ఈ వ్యాసంలోని అంకెలన్నీ ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి. పొరపాట్లు మాత్రం అవే.

ముందు కొలమానాలు సరిచూసుకోండి

సర్వేలో 40 గ్రామాలు, గ్రామానికి ఆరుగురు చొప్పున 240 మంది రైతులు ఉన్నారనుకుందాం. సగం గ్రామాలు ఎగువన, సగం శివారులో. ఎకరాకు ఎన్ని బస్తాలు పండాయన్నది మనం వివరించాల్సిన విషయం. ఇక్కడివాళ్లకు బస్తా అంటే 75 కిలోలని చెప్పక్కర్లేదు, కానీ వేరే రాష్ట్రంలో కూర్చుని చదివే రివ్యూయర్‌కు తెలియదు. అది పట్టికలో రాయాలి.

ఎరువు ఖర్చును ఆమె రూపాయల్లో పెట్టింది. కోఎఫిషియంట్ 0.00063 వచ్చింది. రెండు దశాంశ స్థానాలకు కుదిస్తే మిగిలేది 0.00. ఒక్క రూపాయి ఎక్కువ పెడితే దిగుబడి ఎంత పెరుగుతుందని ఏ రైతూ ఆలోచించడు, వెయ్యి రూపాయల లెక్కలో ఆలోచిస్తాడు. ఖర్చును వెయ్యితో భాగించి రిగ్రెషన్ మళ్లీ నడిపితే కోఎఫిషియంట్ 0.63, స్టాండర్డ్ ఎర్రర్ 0.21 అవుతాయి. టీ విలువ మారదు, ఆర్-స్క్వేర్ మారదు. వెయ్యి రూపాయలు ఎక్కువ ఖర్చు పెట్టిన పొలంలో సగటున 0.63 బస్తా ఎక్కువ కనిపించిందని ఇప్పుడు చదవగానే అర్థమవుతుంది. పట్టికలో 0.00 కనిపిస్తే దశాంశ స్థానాలు పెంచకండి, కొలమానం మార్చండి.

తర్వాత ఏ స్టాండర్డ్ ఎర్రర్ వేయాలో తేల్చుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఆమె మొదటి పట్టికలోని టీ విలువ వెనక ఉన్న స్టాండర్డ్ ఎర్రర్ 0.78. సాఫ్ట్‌వేర్ మామూలుగా ఇచ్చేది అదే. 240 మంది రైతులూ ఒకరితో ఒకరికి సంబంధం లేనట్టు లెక్క వేస్తుంది. కానీ ఒకే ఊరి ఆరుగురు రైతులకు నీళ్లిచ్చే కాలువ ఒకటే, వంతు ఒకటే, తెగులు వస్తే ఊరంతటికీ వస్తుంది. పైగా శివారు అన్నది రైతును బట్టి కాదు, ఊరిని బట్టి ఉంది. కాబట్టి ఈ ప్రశ్నకు మన దగ్గరున్న అసలు సమాచారం 240 విడివిడి ముక్కలు కాదు, 40 ఊళ్లకు దగ్గరగా ఉంటుంది.

గ్రామం వారీగా క్లస్టర్ చేస్తే స్టాండర్డ్ ఎర్రర్ 1.24కి పెరిగింది. కోఎఫిషియంట్ −3.15 అలాగే ఉంది. టీ విలువ −4.04 నుంచి −2.54కి దిగింది, మూడు స్టార్లు రెండయ్యాయి. ఆమె ముఖం చిన్నబోయింది. కానీ రివ్యూయర్ మొదట అడిగేది ఇదే, అప్పుడు చేసే కన్నా ఇప్పుడే చేయడం మంచిది. సర్వేలో ఊళ్లు పదో పన్నెండో మాత్రమే ఉంటే ఈ మామూలు క్లస్టర్ పద్ధతి కూడా ఎర్రర్‌ను తక్కువ చేసి చూపిస్తుంది. అప్పుడు వైల్డ్ క్లస్టర్ బూట్‌స్ట్రాప్ వాడి, ఆ మాట పట్టిక కింద రాయాలి.

పట్టికను చేత్తో టైప్ చేయకండి

అంకెలు చూసి వర్డ్‌లో కొట్టుకుంటూ పోతే ఎక్కడో ఒక మైనస్ జారిపోతుంది. స్టేటాలో అయితే ఇంతే:

```
ssc install estout
eststo m1: regress yield tail, vce(cluster village)
eststo m2: regress yield tail tenant fert1000 i.mandal, vce(cluster village)
esttab m1 m2 using table2.rtf, b(2) se(2) r2(2) scalars("N_clust Villages") label ///
    star(* 0.10 ** 0.05 *** 0.01) indicate("Mandal dummies = *.mandal")
```

ఇందులో `se(2)` రాయకపోతే `esttab` బ్రాకెట్లో టీ విలువ వేస్తుంది. మా విద్యార్థిని పట్టికలో జరిగింది అదే. `star(...)` రాయకపోతే ఒక స్టార్‌కు 0.05, రెండింటికి 0.01, మూడింటికి 0.001 హద్దుగా తీసుకుంటుంది. ఆర్‌లో `stargazer` ఒక స్టార్‌ను 0.1 దగ్గరే మొదలుపెడుతుంది. `modelsummary` మనం అడిగితే తప్ప స్టార్లు వేయనే వేయదు. ఒకే ఫలితానికి ఒక ప్యాకేజీలో రెండు స్టార్లు, ఇంకో ప్యాకేజీలో ఒకటి రావచ్చు. అందుకే స్టార్ల హద్దులను మనమే రాసి ఇవ్వాలి, పట్టిక కింద కూడా వాటినే రాయాలి. వేరొకరి పేపర్ నుంచి గమనికను కాపీ చేసుకుంటే పైన ఉన్న స్టార్లు ఒకటి చెబుతాయి, కింద గమనిక ఇంకొకటి చెబుతుంది.

సరిచేశాక పట్టిక ఇలా ఉంది:

పట్టిక 2. శివారు గ్రామాలు, దాళ్వా ధాన్యం దిగుబడి (ఎకరాకు బస్తాలు)

| | (1) | (2) |
|---|---|---|
| శివారు గ్రామం | −4.20*** | −3.15** |
| | (1.10) | (1.24) |
| కౌలు రైతు | | −1.38 |
| | | (0.90) |
| ఎరువు ఖర్చు (ఎకరాకు వేల రూపాయల్లో) | | 0.63*** |
| | | (0.21) |
| స్థిరాంకం | 44.80*** | 40.12*** |
| | (0.66) | (1.85) |
| మండల డమ్మీలు | లేవు | ఉన్నాయి |
| రైతుల సంఖ్య | 240 | 231 |
| గ్రామాల సంఖ్య | 40 | 40 |
| ఆర్-స్క్వేర్ | 0.14 | 0.31 |

గమనిక: అంచనాలు సాధారణ కనిష్ఠ వర్గాల పద్ధతిలో వేసినవి. బస్తా అంటే 75 కిలోలు. కాలువ చివరి గ్రామమైతే శివారు విలువ 1, ఎగువ గ్రామమైతే 0. సొంత భూమి సాగు చేసేవారితో పోల్చి కౌలు రైతుల తేడా చూపించాం. బ్రాకెట్లలో ఉన్నవి గ్రామం వారీగా క్లస్టర్ చేసిన స్టాండర్డ్ ఎర్రర్లు. 9 మంది ఎరువు ఖర్చు చెప్పనందున 2వ నిలువు వరుసలో వారు లేరు. * p < 0.10, ** p < 0.05, *** p < 0.01.

గమనికలో ప్రతి వాక్యానికీ ఒక పని ఉంది

పేపర్ మొత్తం చదవకుండా నేరుగా పట్టిక దగ్గరికే వెళ్లేవాళ్లు చాలామంది. వాళ్లకు ఆ పేజీలోనే అన్నీ దొరకాలి. ఈ గమనికలో చాలామంది వదిలేసేది తొమ్మిది మంది రైతుల సంగతి. మొదటి నిలువు వరుసలో 240, రెండోదానిలో 231 ఉంటే చదివేవాడికి వెంటనే ఒక అనుమానం వస్తుంది: −4.20 కాస్తా −3.15 అయ్యింది కౌలు, ఎరువు, మండలం లెక్కలోకి తీసుకోవడం వల్లా, లేక మనుషులు తగ్గడం వల్లా? మేం మొదటి రిగ్రెషన్‌ను అదే 231 మందితో మళ్లీ నడిపి చూశాం. అంచనా దాదాపు అలాగే వచ్చింది. ఆ మాట పేపర్ లోపల ఒక వాక్యంగా పెట్టాం. అప్పుడు చాలా తేడా వచ్చి ఉంటే రెండు నిలువు వరుసలకూ 231 మందినే వాడమని చెప్పేవాణ్ణి.

పట్టిక పేరులో "శివారు వల్ల దిగుబడి నష్టం" అని ఆమె మొదట రాసింది. అది తీయించాను. శివారు ఊళ్లలో నేల కూడా వేరు కావచ్చు, సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఉప్పు తేలిన భూములున్నాయి. ఈ రిగ్రెషన్ తేడా ఎంతో చెబుతుంది, దానికి కారణం నీళ్లేనని చెప్పలేదు.

స్టార్ లేని వరుసను ఎలా రాయాలి?

కౌలు రైతు వరుసకు స్టార్ లేదు. "కౌలుకు, దిగుబడికి సంబంధం లేదు" అని ఆమె ఫలితాల్లో రాసేసింది. పట్టికలో స్టాండర్డ్ ఎర్రర్ ఉంది కాబట్టి అది నిజమో కాదో ఎవరైనా చూసుకోవచ్చు. 40 ఊళ్ల క్లస్టర్లకు 0.90ని సుమారు 2.02తో గుణిస్తే 1.82. −1.38కి అటూ ఇటూ అంత వేస్తే −3.20 నుంచి 0.44 దాకా వస్తుంది. అంటే కౌలు రైతుకు ఎకరాకు మూడు బస్తాలు తక్కువ పండి ఉండొచ్చు, అసలు తేడాయే లేకపోవచ్చు కూడా. "ఈ డేటాతో తేల్చి చెప్పలేం" అన్నదే సరైన మాట. డెల్టాలో కౌలు మీద బతికే కుటుంబాల గురించి రాస్తున్నప్పుడు ఒక స్టార్ రాలేదని "తేడా లేదు" అనేయడం నాకు తప్పుగా అనిపిస్తుంది.

అలాగే స్టార్లు ఉన్న చోట కూడా అంకెను ఊరి మాటల్లో చెప్పండి. 3.15 బస్తాలంటే సుమారు 236 కిలోలు. ఎగువ గ్రామాల సగటు 44.80తో పోలిస్తే దాదాపు 7 శాతం.

పంపే ముందు

ప్రతి కోఎఫిషియంట్‌నూ కింద ఉన్న ఎర్రర్‌తో కాలిక్యులేటర్ మీద భాగించండి. 0.63ని 0.21తో భాగిస్తే 3 వస్తుంది, మూడు స్టార్లకు సరిపోయింది. 1.38ని 0.90తో భాగిస్తే 1.53, స్టార్ రాకూడదు, లేదు. స్టార్లున్న చోట 1.2 వచ్చిందంటే ఎక్కడో వరుస కలగలిసిపోయింది. నిలువు గీతలు తీసేయండి, దశాంశ బిందువులు ఒకదాని కింద ఒకటి వచ్చేలా సర్దండి, `fert1000` లాంటి వేరియబుల్ పేర్లు ఒక్కటి కూడా మిగలకుండా చూడండి.

చివరగా, జర్నల్ నియమాలు చదవండి. అమెరికన్ ఎకనామిక్ రివ్యూ లాంటి జర్నల్స్ స్టార్లు అసలు వద్దంటాయి, బ్రాకెట్లో స్టాండర్డ్ ఎర్రర్లు మాత్రం ఇవ్వమంటాయి. అలాంటి చోటికి పంపేటప్పుడు `star(...)` బదులు `nostar` రాసి, గమనికలో స్టార్ల వాక్యం తీసేస్తే చాలు. మిగతా పట్టిక ఒక్క అంకె కూడా మార్చకుండా అలాగే పంపవచ్చు.